చెరిగిన అంకె 0నా, 8నా?

విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే లెక్కల ఫొటోల్లో కొన్నిసార్లు అసలైన అంకే అలుక్కుపోయి ఉంటుంది. అలాంటి ఒక లెక్క చూద్దాం. 18వ ప్రశ్న: ఒక రాయిని సెకనుకు 2? మీటర్ల తొలివేగంతో నిట్టనిలువుగా పైకి విసిరితే అది చేరే గరిష్ఠ ఎత్తు ఎంత? వేగంలోని రెండో అంకె మసకగా ఉంది. గురుత్వ త్వరణం g విలువ ఇచ్చిన చివరి వరుస ఫొటోలో తెగిపోయింది.

ముందు అక్షరాలతోనే సాధిద్దాం. గాలి నిరోధాన్ని వదిలేస్తే h = u²/2g. ఇంతవరకు ఏ ఊహా అక్కర్లేదు.

ఇక అంకె సంగతి. దాని ఆకారం గుండ్రంగా ఉంది కాబట్టి 0, 6, 8లలో ఒకటి కావచ్చు. వేగం 20 అయి, g 10 అయితే ఎత్తు సరిగ్గా 20 మీటర్లు. వేగం 28 అయి, g 9.8 అయితే సరిగ్గా 40 మీటర్లు. 26 అయితే మాత్రం g ఏదైనా దాదాపు 34 మీటర్లు, పూర్ణసంఖ్య రాదు. సమాధానం చక్కగా వచ్చింది కాబట్టి మన ఊహ సరైనదే అనుకోవడం చాలామందికి అలవాటు. ఇక్కడ రెండు జవాబులూ చక్కగానే వచ్చాయి మరి!

రెండు ఊహలూ సమానమైనవి కావు. g 10కి బదులు 9.8 తీసుకుంటే ఎత్తు 2 శాతమే మారుతుంది. వేగానికి వర్గం ఉంది కాబట్టి 20కి బదులు 28 తీసుకుంటే ఎత్తు దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి జాగ్రత్తంతా ఆ అంకె మీదే పెట్టాలి.

ఫొటోను పెద్దది చేస్తే మసక కూడా పెద్దదవుతుంది తప్ప కొత్త సమాచారం రాదు. అదే ఫొటోలో స్పష్టంగా తెలిసిన అంకెలతో పోల్చడం మేలు. మసకబారినా 0 నడుమ భాగం తెల్లగానే ఉంటుంది. 8కి నడుమ గీతలు కలుస్తాయి కాబట్టి అక్కడ నల్లగా కనబడుతుంది. 6కి కింది సగమే మూసుకుపోతుంది. మన ఫొటోలో ప్రశ్న సంఖ్య 18లోని 8 కూడా అలాగే నడుమ నల్లబడి ఉందనుకుందాం. అప్పుడు 28 వైపు మొగ్గవచ్చు. అయినా అది ఊహే.

అందుకే జవాబు పత్రంలో మొదటి వరుస ఇలా ఉండాలి: "వేగంలో రెండో అంకె చదవడానికి వీల్లేదు. ప్రశ్న సంఖ్యలోని 8ని పోలి ఉంది కాబట్టి u = 28 మీ/సె అనుకున్నాను. g కనబడలేదు, 9.8 మీ/సె² తీసుకున్నాను." ఆ తర్వాతే h = 784/19.6 = 40 మీటర్లు. దాని కిందే మరో మాట: "వేగం 20 అయితే h సుమారు 20.4 మీటర్లు." అసలు పుస్తకం దగ్గరున్నవాళ్లు ఆ వరుస చూసి తమ అంకె ఏదో సరిచూసుకుంటారు. మొదటి వరుస లేకుండా 40 అని మాత్రం రాస్తే, పుస్తకంలో 20 ఉన్న విద్యార్థి తప్పు సూత్రంలో ఉందేమోనని వెతుక్కుంటూ కూర్చుంటాడు.