మెనూలో కారం మెట్లు

ప్రశ్న: విదేశంలోని తెలుగు భోజనశాల మెనూలో మైల్డ్, మీడియం, హాట్ అనే స్థాయులకు ఏ తెలుగు మాటలు సరిపోతాయి?

జవాబు: ఈ మూడూ ఒకే గుణానికి కొలతలు గనుక, తెలుగులోనూ ఒకే మాటను ఆధారంగా తీసుకుని ‘కారం తక్కువ, కారం మధ్యస్థం, కారం ఎక్కువ’ అని రాయడమే సరైన పద్ధతి. మైల్డ్‌కు ‘చప్పిడి’ అని రాస్తే, ఆ మాట ఉప్పూకారాలు లేని పథ్యపు తిండిని సూచిస్తుంది కాబట్టి, వంటకానికే అన్యాయం జరుగుతుంది. హాట్‌కు ‘ఘాటు’ కూడా తగదు; మిరపకాయ నాలుకపై పుట్టించే మంట కారమైతే, ఆవపిండి, వెల్లుల్లి వంటివి ముక్కుకెక్కే గుణం ఘాటు.

మాట కుదిరినా కొలత కుదరకపోతే ఫలితం ఉండదు. ఉదాహరణకు, కిలో మాంసంతో వండే గోంగూర మాంసానికి ఒకే రకం మిరప్పొడిని వరుసగా రెండు, నాలుగు, ఆరు చెంచాలుగా నిర్ణయించుకుని, రుచి చూసి సవరించి, ఆ లెక్కను వంటగదిలో రాసి పెట్టుకోవాలి. మిరప రకం మారితే ఈ లెక్క చెడుతుంది. ఎర్రటి రంగునిచ్చే బ్యాడిగికి మంట తక్కువ, తేజ రకానికి చాలా ఎక్కువ, కాబట్టి రంగును చూసి కారాన్ని అంచనా వేయడం పొరపాటు.

కారం ముందే కలిసిపోయిన ఆవకాయను అడిగినవారికోసం తగ్గించడం సాధ్యం కాదు గనుక, దాని పక్కన ‘కారం ఎక్కువ’ అని మాత్రమే ఉండాలి.