మలబద్ధకానికి ఏ పండు, ఎందుకు?



మలబద్ధకానికి మనం పెట్టే బొప్పాయి, అరటి, కిస్మిస్ ఒకేలా పనిచేయవు.

బొప్పాయిలోని పపైన్ ఎంజైము మాంసకృత్తులను విడగొడుతుంది. అయితే అది పచ్చికాయ పాలలోనే ఎక్కువ. మాగిన పండులో మేలు చేసేది ప్రధానంగా పీచు, నీరు. అవి మలాన్ని మెత్తబరుస్తాయి.

కిస్మిస్‌లో పీచుతోపాటు టార్టారిక్ ఆమ్లం, కొద్దిగా సార్బిటాల్ ఉంటాయి. సార్బిటాల్ పేగులో పూర్తిగా ఇంకదు, నీటిని పట్టి ఉంచుతుంది. చక్కెరలు, ఆమ్లం కొంత నానిన నీళ్లలోకి దిగుతాయి కాబట్టి రాత్రి నానబెట్టిన కిస్మిస్‌ను ఉదయం ఆ నీళ్లతోనే ఇవ్వండి.

అరటి దోరగా ఉంటే పిండిపదార్థం, టానిన్లు ఎక్కువ. కొందరికి మలం ఇంకా గట్టిపడుతుంది. తొక్కపై చుక్కలు పడిన పండే పెట్టండి.

నీళ్లు తక్కువ తాగితే పీచు సాయపడదు. స్కూల్లో ఆపుకునే పిల్లలకు పండు ఒక్కటే చాలదు. ఇంట్లో భోజనం తర్వాత ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. రక్తం, వాంతులు, కడుపుబ్బరం కనిపిస్తే డాక్టరును కలవండి.