ఆదివారం పని గురించి ఇంగ్లిష్‌లో రాస్తున్నారా? ఈ రెండు తప్పులు చూసుకోండి

టాంపినీస్‌లో ఉంటూ పనికి వెళ్లే ఒక తమ్ముడికి ఆదివారం సెలవు అనుకోండి. అయినా సూపర్‌వైజర్ ఆదివారాలు కూడా రమ్మంటాడు, రోజంతా పని చేయిస్తాడు. ఆ తమ్ముడు మనసులో ఇలా అనుకుంటాడు: "ప్రతి ఆదివారం పనికి పోతాను. రమ్మంటారు. డబుల్ ఇవ్వరు." తెలుగులో ఇందులో తప్పేమీ లేదు. ఫిర్యాదులో మాత్రం ఇలా రాస్తాడు: "ఎవ్రీ సండే ఐ విల్ గో టు వర్క్. టెల్లింగ్ టు కమ్. డబుల్ నాట్ గివింగ్."

మొదటి తప్పు 'విల్'. మన "పోతాను" అలవాటుకూ సరిపోతుంది, రేపటికీ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో అలా కాదు. 'విల్ గో' అంటే ఇకముందు పోతాను అని, లేదా నా ఇష్టంతోనే పోతాను అని చదువుతారు. పట్టుకోవడం ఎలా? 'ఎవ్రీ సండే' స్థానంలో 'టుమారో' పెట్టి చదవండి. చక్కగా అతికితే అది జరగబోయే పని. మీరు చెప్పేది జరిగిపోయిన పని అయితే 'విల్' తీసేసి 'వర్క్‌డ్' అనండి.

రెండో తప్పు, ఎవరో చెప్పకపోవడం. "రమ్మంటారు"లో చివరి 'రు' వల్ల వాళ్లెవరో ఉన్నారని తెలుస్తుంది. 'టెల్లింగ్'లో ఆ ఆనవాలు లేదు. ప్రతి క్రియ ముందు "ఎవరు?" అని అడగండి. జవాబు కాగితం మీద లేకపోతే వాక్యం సగమే.

ఇది డబ్బుతో ముడిపడిన సంగతి. సింగపూర్ ఎంప్లాయ్‌మెంట్ యాక్ట్ ప్రకారం, సెలవు రోజున సగం రోజుకు మించి పని చేస్తే, యజమాని అడిగినందుకైతే 2 రోజుల జీతం రావాలి. మీరే అడిగి చేస్తే 1 రోజు జీతమే. రోజుకు 30 డాలర్ల చొప్పున 20 ఆదివారాలకు మొదటి లెక్క 1,200 డాలర్లు, రెండోది 600. అందుకే ఎవరు రమ్మన్నారో రాయాలి.

సరిచేస్తే ఇలా ఉంటుంది: "ఐ వర్క్‌డ్ ఆన్ ట్వంటీ సండేస్. మై సూపర్‌వైజర్ టోల్డ్ మి టు కమ్. ద కంపెనీ డిడ్ నాట్ పే మి డబుల్."

వాక్యం సరిగ్గా ఉన్నా రుజువు కావాలి. రమ్మన్న ఫోన్ మెసేజ్, టైమ్ కార్డు, జీతం చీటీ దాచుకోండి. ఫిర్యాదు ముందుగా TADM దగ్గరకు వెళ్తుంది. ఉద్యోగంలో ఉంటే డబ్బు రావాల్సిన రోజు నుంచి ఏడాదిలోపు, మానేస్తే చివరి రోజు నుంచి 6 నెలల్లోపు వేయాలి.