చెక్కు మీద నాలుగు లక్షలు, బాకీ మూడు లక్షలు

ఫిబ్రవరిలో ఒక మిర్చి రైతు మా ఆఫీసుకు వచ్చారు. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టిక్కీలను నవంబరులో ఒక కమీషన్ వ్యాపారికి అమ్మారట. వ్యాపారి డబ్బు ఇవ్వకుండా ఫిబ్రవరి 10 తేదీ వేసి 4,00,000 రూపాయల చెక్కు చేతిలో పెట్టాడు. ఆ రోజే రైతు దాన్ని తన ఖాతాలో వేశారు. రెండో రోజుకి ఖాతాలో సరిపడా డబ్బు లేదని రిటర్న్ మెమోతో చెక్కు వెనక్కి వచ్చింది. వచ్చేటప్పుడే నోటీసు కూడా టైపు చేయించి తెచ్చారు. నాలుగు లక్షలూ పదిహేను రోజుల్లో కట్టకపోతే కేసు వేస్తామని అందులో ఉంది. నా సంతకం పడితే పోస్టు చేయడమే తరువాయి.

సంతకం చేసే ముందు ఒక్క మాట అడిగాను. "చెక్కు ఇచ్చాక మధ్యలో ఏమైనా జమ చేశాడా అండీ?"

"చేశాడండి, సంక్రాంతికి లక్ష ఫోన్‌పేలో వేశాడు. అది పోను మూడే రావాలి. చెక్కు నాలుగుకి ఉంది కదా అని నోటీసూ నాలుగుకే రాయించా."

ఆ నోటీసు అలాగే వెళ్లి ఉంటే కేసు మొదట్లోనే పోయేది. అవతలివాడు మోసగాడే కావచ్చు, బాకీ నిజమే కావచ్చు. అయినా ఓడిపోయేది రైతే.

ఎందుకో చెబుతాను. చెక్కు బౌన్స్ కావడాన్ని నేరంగా చూసేది 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138 సెక్షన్. ఈ సెక్షన్ 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. చట్టబద్ధంగా వసూలు చేసుకోదగిన బాకీ కోసం ఇచ్చిన చెక్కయితేనే ఇది వర్తిస్తుంది. చెక్కును బ్యాంకులో వేసిన రోజున, దాని మీద రాసిన మొత్తం నిజంగా రావలసి ఉండాలి. గుజరాత్ నుంచి వచ్చిన దశరథ్‌భాయ్ పటేల్ కేసులో 2022లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. అక్కడ చెక్కు 20 లక్షలది. దాన్ని బ్యాంకులో వేయక ముందే అప్పు తీసుకున్నాయన విడతలుగా 4 లక్షలకు పైగా కట్టాడు. అయినా చెక్కును పూర్తి మొత్తానికే వేశారు, నోటీసూ 20 లక్షలకే ఇచ్చారు. ఆ రోజుకి 20 లక్షల బాకీ లేదు కాబట్టి నేరమే జరగలేదని కోర్టు చెప్పింది, నిందితుడు బయటపడ్డాడు.

మరి కొంత ముట్టాక చెక్కును ఏం చేయాలి? అదే చట్టంలోని 56 సెక్షన్ ఒక దారి చూపుతోంది. ఫలానా మొత్తం ముట్టిందని చెక్కు మీదే రాసి, మిగిలినదానికి దాన్ని వాడుకోవచ్చు. అయితే చెక్కు మీద కొత్త రాత కనిపిస్తే బ్యాంకు కౌంటర్లో పేచీ వచ్చే అవకాశం ఉంది. నా మట్టుకు నేను మిగిలిన బాకీకి కొత్త చెక్కు రాయించుకోమనే చెబుతాను. ఆ రైతుకీ అదే చెప్పాను. ఊళ్లో పెద్దలను తీసుకుని వెళ్తే వ్యాపారి పాత చెక్కు వెనక్కి తీసుకుని, మార్చి 1 తేదీతో 3,00,000కి కొత్తది రాసిచ్చాడు. అదీ బౌన్స్ అయింది. రిటర్న్ మెమో మార్చి 5న అందింది.

ఇక్కడి నుంచి అంతా రోజుల లెక్కే. చెక్కు తిరిగి వచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. తెలిసిన రోజును లెక్కలో కలపకూడదు. అంటే మనకు ఏప్రిల్ 4 దాకా గడువుంది. మేం మార్చి 20న స్పీడ్ పోస్టులో పంపాం, 24న వ్యాపారికి ముట్టింది. ముట్టిన మర్నాటి నుంచి అతనికి పదిహేను రోజులు, అంటే ఏప్రిల్ 8 వరకు. ఆ లోపు మూడు లక్షలూ కట్టేస్తే 138 కింద నేరమే ఉండదు. కట్టకపోతే ఏప్రిల్ 9న కేసు వేసే హక్కు పుడుతుంది. అక్కడి నుంచి నెల, అంటే మే 9లోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు పడాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు గానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. తొందరా పనికిరాదు. పదిహేను రోజులు నిండకుండా వేసిన ఫిర్యాదు చెల్లదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

నోటీసులో అంకె విషయంలో మరీ జాగ్రత్త పడాలి. కోటి రూపాయల చెక్కుకి పొరపాటున రెండు కోట్లని టైపు చేసిన నోటీసు చెల్లదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. టైపింగు తప్పన్నా ఒప్పుకోలేదు. వడ్డీ, లాయరు ఫీజు అడగాలనుకుంటే విడి వాక్యంలో అడగండి. చెక్కు మొత్తం మాత్రం చెక్కు మీద ఉన్నది ఉన్నట్టే కనపడాలి.

వ్యాపారి నోటీసు తీసుకోకుండా తిప్పి పంపితే? సరైన చిరునామాకే పంపామని చూపగలిగితే, నిరాకరించారని పోస్టుమ్యాన్ రాసిన కవరుతోనే అది అందినట్టు లెక్క కడతారు. ఆ కవరు చించకుండా అలాగే దాచండి. కేసు ఎక్కడ వేయాలన్నదీ చాలామందికి అనుమానమే. వ్యాపారి ఖాతా ఏ ఊళ్లో ఉన్నా సరే, చెక్కును మన ఖాతాలో జమకు వేస్తే మన ఖాతా ఉన్న బ్రాంచి ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో అక్కడే వేయాలి. 2015 సవరణ తర్వాత ఇదే పద్ధతి.

కోర్టులో వ్యాపారి సంతకం తనదేనని ఒప్పుకుంటే, చెక్కు బాకీ కోసమే ఇచ్చాడని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని చూపించుకోవలసిన భారం అతనిదే. పేమెంట్ ఆపమని బ్యాంకుకు రాసినా, ఖాతా మూసేసినా ఊరికే తప్పించుకోలేడు. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా నుంచి ఫిర్యాదికి పరిహారం ఇప్పించవచ్చు. 2018 సవరణ వచ్చాక, నిందితుడు నేరం ఒప్పుకోకపోతే కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారమూ కోర్టుకు ఉంది.

ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇచ్చేవాళ్లకు ఒక మాట. అంకెలు తర్వాత వేరేవాళ్లు రాశారన్న వాదన ఒక్కటే మిమ్మల్ని కాపాడదు, 2019లో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టం చేసింది. అప్పు తీరిన రోజే చెక్కు వెనక్కి తీసుకోండి. కొంతే తీర్చితే ఆ చెల్లింపు బ్యాంకు ద్వారానో ఫోన్‌పే ద్వారానో చేసి ఆధారం ఉంచుకోండి.

138 కేసు గడువు దాటిపోయినంత మాత్రాన బాకీ పోదు. సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. చెక్కు ఆధారంగా సివిల్ ప్రొసీజర్ కోడ్ 37వ ఆర్డరు కింద సమ్మరీ సూటు వేస్తే, ప్రతివాది ముందుగా కోర్టు అనుమతి తెచ్చుకుంటేనే వాదించుకోగలడు. క్రిమినల్ కేసు, సివిల్ దావా రెండూ ఒకేసారి నడిపించుకోవచ్చు. దావాకు సాధారణంగా మూడేళ్ల గడువు. మన రైతులాంటి వాళ్లు సరుకు అప్పగించిన తేదీ నుంచే ఆ మూడేళ్లు లెక్కపెట్టుకోవడం క్షేమం.

ఆ రైతు ఫిర్యాదు ఏప్రిల్ 21న కోర్టులో పడింది. దానికి జత చేసినవి మూడు లక్షల చెక్కు, మార్చి 5 నాటి మెమో, నోటీసు నకలు, పోస్టు రసీదు, అది ముట్టినట్టు ఆధారం. సంక్రాంతికి లక్ష ముట్టిందన్న మాట కూడా ఫిర్యాదులో మేమే ముందుగా రాశాం. మీ దగ్గర బౌన్స్ అయిన చెక్కు ఉంటే ఇవాళే ఆ మెమో తీసి తేదీ చూడండి.