ఫొటో కింద మేస్త్రీ మాట

బాత్రూమ్ టైల్స్ పని పూర్తయ్యాక చాలామంది మేస్త్రీలు ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పెడతారు. కింద ఏదో హిట్ సినిమాలో హీరో చెప్పిన డైలాగ్ ఉంటుంది, లేదంటే పొద్దున గ్రూపులో ఫార్వర్డ్‌గా వచ్చిన కష్టఫలం సూక్తి. ఫొటోలో పని మేస్త్రీది, కింద మాట మాత్రం వేరేవాళ్లది. ఇల్లు కట్టుకుంటున్న మనిషి ఆ పోస్టు చూసి నవ్వుకుంటాడేమో గానీ, ఫోన్ చేయడానికి కావలసిన కబురేదీ అందులో దొరకదు.

క్యాప్షన్‌లో ఏం రాయాలో తెలియాలంటే ఫొటోలో కనిపించనిది ఏమిటో చూడాలి. మెరిసే టైల్స్ అందరి ఫొటోల్లోనూ ఒకేలా ఉంటాయి. అపార్ట్‌మెంట్‌లో బాత్రూమ్ చేయించుకునేవాళ్ల అసలు భయం టైల్స్ కింద ఉంటుంది. అందుకే వాళ్లు ఫోన్‌లో ముందు అడిగేది, "మేస్త్రీ, కింది వాళ్ల సీలింగ్‌కి తడి రాదు కదా?" అని. దానికి మంచి మేస్త్రీ తడుముకోకుండా చెబుతాడు: "లేదమ్మా, వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ ఆరాక పైపు మూసేసి రెండు రోజులు నీళ్లు నిలబెడతాం. గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి మట్టం ఎంత తగ్గిందో చూస్తాం. కింది ఇంట్లోకి వెళ్లి సీలింగ్ కూడా చూసొచ్చాకే టైల్స్ మొదలుపెడతాం."

ఫోన్‌లో ఇంత చక్కగా చెప్పే మనిషి, రాయాల్సి వచ్చేసరికి డైలాగ్ వెతుక్కుంటాడు. రాత అంటే బెరుకు, అంతే. అలాంటప్పుడు ఫోన్ కీబోర్డులో మైకు నొక్కి, ఎదురుగా కస్టమర్ ఉన్నట్టే తెలుగులో చెప్పేయండి. అక్షరాలు అవే పడతాయి. తర్వాత తప్పులు దిద్దుకుని, ఒక్క వాక్యం ఉంచుకుని మిగతాది తీసేయండి.

మొదటి ప్రయత్నంలో సాధారణంగా వచ్చేది ఇలా ఉంటుంది: "మా దగ్గర పని ఎప్పుడూ క్వాలిటీగా ఉంటుంది." ఇది సొంతంగా రాసిందే, కానీ పక్క వీధి మేస్త్రీ ఫొటో కింద పెట్టినా సరిగ్గా అతుకుతుంది. అలా అతికితే ఆ వాక్యం ఇంకా మీది కాలేదన్నమాట. "బాత్రూమ్‌కి కొత్త టైల్స్ వేశాం" అని రెండోసారి అన్నారనుకోండి, అది ఫొటోలో కనబడుతూనే ఉంది. మూడోసారి ఇలా రాయొచ్చు: "ఖమ్మంలో ఈ బాత్రూమ్‌కి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, కింది ఇంటి సీలింగ్ తడవలేదని చూశాకే టైల్స్ వేశాం." ఊరు, పని, చేసిన పద్ధతి అన్నీ ఇందులోనే వచ్చేశాయి. క్వాలిటీ అనే మాట లేకుండానే క్వాలిటీ తెలిసింది.

ఊరి పేరు, పని పేరు మొదట్లోనే ఉంటే మేలు. ఇన్‌స్టాగ్రామ్ మొదటి ఒకటి రెండు లైన్లే చూపించి మిగతాది దాచేస్తుంది. పైగా ఎవరైనా వెతికినప్పుడు క్యాప్షన్‌లోని మాటలు కూడా లెక్కలోకి వస్తాయి. సినిమా డైలాగ్ పెడితే ఆ సినిమా అభిమానులకు కనబడొచ్చు, వాళ్లకు బాత్రూమ్ టైల్స్‌తో పనేముంది?

నీళ్లు నిలబెట్టని పనికి ఆ వాక్యం పెట్టకూడదు. ఆ ఫొటోకి వేరే నిజం ఉంటుంది. వాటం జాగ్రత్తగా తీసి ఉంటే, "బకెట్ నీళ్లు పోస్తే మూలల్లో నిలవకుండా జాలీలోకి పోయేలా వాటం తీశాం" అనొచ్చు. ఆరిన తర్వాత ప్రతి టైల్‌నూ తట్టి, డొల్ల శబ్దం వచ్చినవి తీసి మళ్లీ వేసి ఉంటే అదే రాయండి. ఒక ఫొటోకి ఒక్క సంగతి చాలు. "జన్మలో లీకేజీ రాదు" అని మాత్రం ఎప్పుడూ రాయొద్దు. పైపు జాయింట్లు ఇంకొకరు చేసి ఉండొచ్చు, పైన ఎవరో డ్రిల్లింగ్ చేయించవచ్చు. రేపు తడి కనబడితే కస్టమర్ ఆ క్యాప్షన్ స్క్రీన్‌షాట్ పట్టుకుని వస్తారు, అడిగే హక్కు వాళ్లకుంది. ఇంటివాళ్ల పేరు, ఫ్లాట్ నంబరు వాళ్లను అడగకుండా పెట్టొద్దు.

దసరాకో హీరో పుట్టినరోజుకో స్నేహితుల కోసం పెట్టే స్టేటస్‌లో డైలాగ్ ఉంటే తప్పేం లేదు, అది 24 గంటల్లో పోతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పని ఫొటోల కింద పెట్టినవి మాత్రం అలాగే ఉండిపోతాయి. పోస్టు పైన మూడు చుక్కలు నొక్కి ఎడిట్‌లోకి వెళితే పాత క్యాప్షన్ మార్చుకోవచ్చు. కొత్త కస్టమర్ ముందు చూసేవి పైనున్న ఫొటోలే కాబట్టి వాటితో మొదలుపెట్టండి. ఆ పనిలో ప్రత్యేకంగా ఏం చేశారో గుర్తులేకపోతే డైలాగ్ తీసేసి ఊరు, పని పేరు మాత్రం ఉంచండి.