సందేహాలు – సమాధానాలు: జీతం ఇచ్చే కంపెనీ పేరు పూర్తిగా చదివారా?

ప్రశ్న: నేను హానోవర్‌లోని లైబ్నిట్స్ యూనివర్సిటీలో మెకానికల్ మాస్టర్స్ చదువుతున్నాను. కాంటినెంటల్‌లో టైర్ల టెస్టింగ్ డేటా మీద పనిచేసే వెర్క్‌స్టూడెంట్ ఉద్యోగానికి వచ్చే వారం ఇంటర్వ్యూ ఉంది. వార్తలు వెతికితే అన్నీ ఉద్యోగాల కోతలే. వాటి గురించి అడిగితే తప్పుగా అనుకుంటారా? చివర్లో ‘మీకేమైనా ప్రశ్నలున్నాయా’ అంటే ఏం అడగాలి?
– ఒక విద్యార్థి, హానోవర్

సమాధానం: అడగాలా వద్దా అన్నది తర్వాత. మీరు చదివిన వార్తలు మీరు చేరబోయే కంపెనీవేనా అన్నది ముందు తేల్చుకోండి. 2024 ఫిబ్రవరిలో కాంటినెంటల్ 7,150 ఉద్యోగాలు తగ్గిస్తామంది. మరుసటి ఏడాది ఇంకో మూడు వేలంది. అవన్నీ ఆటోమోటివ్ విభాగంలోవి. అంటే బ్రేకులు, సెన్సర్లు, డిస్‌ప్లేలు చేసేవాళ్లవి. ఆ విభాగం 2025 సెప్టెంబరులో ఔమోవియో అనే పేరుతో విడిపోయి, ఫ్రాంక్‌ఫర్ట్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైంది. ఇక రబ్బరు గొట్టాలు, బెల్టులు చేసే కాంటిటెక్‌ను కూడా వదిలించుకుని, టైర్ల మీదే నిలబడతామని కంపెనీ బయటికే చెప్పింది. 1871లో హానోవర్‌లో రబ్బరు సరుకులతో మొదలైన సంస్థ చుట్టూ తిరిగి రబ్బరు దగ్గరికే వస్తోందన్నమాట.

అందుకే ఉద్యోగ ప్రకటనలో పైనున్న లోగో చూసి ఆగకండి. కింద చిన్న అక్షరాల్లో ఉండే చట్టబద్ధమైన పేరు చూడండి. అక్కడ Continental Reifen Deutschland GmbH అని ఉంటే మీది టైర్ల ఇల్లు. పేరు ContiTech అని మొదలైతే యజమాని మారబోయే ఇల్లు, అప్పుడు మీ ప్రశ్నలూ మారతాయి. రెండింటికీ తేడా తెలియకుండా ‘మీ దగ్గర ఉద్యోగాలు తీసేస్తున్నారట కదా’ అంటే, ఎదుటివాళ్లకు అర్థమయ్యేది మీరు శీర్షికలు మాత్రమే చదివారని.

టైర్ల విభాగమే అనుకుందాం. విడిపోవడం గురించి అక్కడా అడగవచ్చు, కానీ ఆ బృందం రోజువారీ పనికి ముడిపెట్టి అడగండి. ‘ఆటోమోటివ్ విడిపోయాక, మీ టెస్ట్ డేటా ఉండే సిస్టమ్‌లలో ఏవి మీ దగ్గరే ఉన్నాయి, వేటిని కొత్తగా కట్టుకోవాల్సి వస్తోంది?’ ఇది భయంతో అడిగినట్టు ఉండదు. పైగా వచ్చే ఆరు నెలల్లో మీ బల్ల మీదికి ఏ పని వస్తుందో దీని జవాబులోనే తెలిసిపోతుంది.

ఇప్పుడు సరుకు సంగతి. టైర్ల కంపెనీకి వెళుతూ ఒక్క టైరైనా చదవకుండా వెళ్లేవాళ్లు ఎంతమందో! ఏదైనా ఒక కాంటినెంటల్ మోడల్ తీసుకుని, EPREL అనే యూరోపియన్ యూనియన్ డేటాబేస్‌లో దాని లేబుల్ తెరవండి. టైరు దొర్లడంలో ఎంత ఇంధనం తింటుందో, తడి రోడ్డు మీద ఎంత పట్టు ఇస్తుందో ఎ నుంచి ఇ దాకా గ్రేడులు ఉంటాయి. బయటికి వచ్చే చప్పుడు డెసిబెల్స్‌లో ఉంటుంది. అదే సైజులో పోటీ కంపెనీ టైరు లేబుల్‌ను పక్కన పెట్టి చూడండి. తర్వాత లేబుల్ మీద లేనిదేమిటో ఆలోచించండి. టైరు ఎంత త్వరగా అరుగుతుందో అక్కడ ఉండదు.

ఈ ఖాళీలోనే మంచి ప్రశ్న ఉంది. దొర్లుడు నిరోధం, తడి పట్టు, అరుగుదల – ఈ మూడింటిలో ఒకదాన్ని బాగుచేయబోతే మిగతా రెండింటిలో ఏదో ఒకటి దెబ్బతింటుందని టైర్ల ఇంజినీర్లకు నిత్యం తలనొప్పి. ఇన్నాళ్లూ లేబుల్ మీద కనిపించేవి మొదటి రెండే. ఇప్పుడు యూరో 7 నిబంధనలు అరుగుదలకూ పరిమితి పెడుతున్నాయి. దాన్ని కొలవడానికి రెండు దారులున్నాయి. కార్లను బారుగా వేల కిలోమీటర్లు రోడ్డు మీద నడిపి టైరు ఎంత బరువు తగ్గిందో తూచడం ఒకటి, ల్యాబ్‌లో డ్రమ్ము మీద తిప్పి తూచడం రెండోది. రోడ్డు మీద వాన, ఎండ, డ్రైవరు చెయ్యి అన్నీ లెక్కను మార్చేస్తాయి. డ్రమ్ము మీద ఆ గొడవ లేదు గానీ, అది రోడ్డు కాదు.

కాబట్టి అడగండి: ‘అరుగుదలలో రోడ్డు ఫలితానికీ డ్రమ్ము ఫలితానికీ పొంతన కుదరకపోతే మీ బృందం దేన్ని నమ్ముతుంది? ఆ పోలికలో వెర్క్‌స్టూడెంట్ చేసేది ఏ భాగం?’ రెండో వాక్యం మరిచిపోవద్దు. మొదటిది ఒక్కటే అడిగితే పరీక్ష పెడుతున్నట్టుంటుంది. హానోవర్‌కు ఉత్తరాన కాంటిడ్రోమ్ అనే సొంత టెస్ట్ ట్రాక్ వీళ్లకు 1967 నుంచి ఉంది. డ్రైవరు లేకుండా బ్రేకు పరీక్షలు చేసే హాలు కూడా అక్కడే. మీ డేటా అక్కడినుంచి వస్తుందా అని మాటలో మాటగా అడగవచ్చు. పొగడ్తగా మాత్రం ఎత్తకండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో కొన్నేళ్లు పనిచేసి ఇక్కడికి వచ్చాను. ఒక బీమా కంపెనీలో రెండో రౌండ్ ఉంది. కునునులో దాని రివ్యూలు చూస్తే ఒకరు స్వర్గం అంటారు, ఇంకొకరు నరకం అంటారు. ఎవరిని నమ్మాలి?
– ఒక గృహస్థు, హానోవర్

సమాధానం: సగటు స్టార్లను పక్కన పెట్టండి. ఊరు, విభాగం, తేదీ చూసి వడకట్టండి. పెద్ద కంపెనీలో కాల్‌సెంటర్ వాళ్ల కోపం, ఐటీ వాళ్ల సంతోషం ఒకే అంకెలో కలిసిపోతాయి. పై ఉత్తరంలో చెప్పినట్టు, కొన్నిసార్లు ఇప్పుడు ఆ కంపెనీలోనే లేని విభాగం వాళ్ల మాటలు కూడా ఉంటాయి. మిగిలినవాటిలో తిట్లు వదిలేసి, వేర్వేరు నెలల్లో వేర్వేరు మనుషులు చెప్పిన ఒకే సంగతి కోసం చూడండి. ఒకే వారంలో వరుసగా అయిదేసి స్టార్లు పడితే, ఎవరో రాయమని అడిగి ఉంటారని అనుమానించండి.

ఇంకోటి. 2024లో హాంబర్గ్ ఉన్నత న్యాయస్థానం తాత్కాలిక విచారణలో ఒక మాట చెప్పింది. రాసినవాళ్లు నిజంగా తమ దగ్గర పనిచేశారా అని కంపెనీ ప్రశ్నిస్తే, రివ్యూల సైటు ఆ మనిషిని గుర్తుపట్టేలా చెప్పాలి, లేదా రివ్యూ తీసేయాలని. అంటే చెడ్డ రివ్యూ కనిపించనంత మాత్రాన ఎవరూ రాయలేదని కాదు.

దొరికిన సంగతిని ప్రశ్నగా మార్చేటప్పుడు కునును పేరు ఎత్తకండి. ‘నిర్ణయాలు నత్తనడక’ అని నలుగురు రాశారనుకోండి. ‘మీ టీమ్‌లో ఈ మధ్య వాడుకలోకి వచ్చిన ఒక మార్పు చెబుతారా? ఎవరు ప్రతిపాదించారు, ఎన్నాళ్లు పట్టింది?’ అని అడగండి. నెలలు, అడ్డంకులు చెప్పి వివరిస్తే, ఆలస్యమైనా సరే, ఆ మేనేజరుకు తన పని తెలుసు. ‘మా దగ్గర అందరూ సమానమే, తలుపులు తెరిచే ఉంటాయి’ అంటే మీ ప్రశ్నకు జవాబు రాలేదన్నమాట. ఇదే ప్రశ్నను టీమ్‌లో పనిచేసే మనిషిని కూడా విడిగా అడిగి, రెండు జవాబులూ పోల్చుకోండి.

ప్రశ్న: నాకు పిలుపు వచ్చింది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి. వార్తలు లేవు, రివ్యూలు రెండే. ఇక వెతకడానికేముంది?
– ఒక పాఠకురాలు, లిండెన్, హానోవర్

సమాధానం: లెక్కలున్నాయి. జర్మనీలో జీఎంబీహెచ్ కంపెనీలు ఏటా ఆస్తి అప్పుల పట్టీ దాఖలు చేయాలి. unternehmensregister.de లో కంపెనీ పేరు కొట్టి Jahresabschluss తెరవండి. మరీ చిన్న కంపెనీల లెక్కలు నేరుగా కనబడకపోవచ్చు, తెప్పించుకోవడానికి కొంత రుసుము ఉంటుంది. చిన్నవాళ్లు లాభనష్టాల ఖాతా చూపించనక్కర్లేదు కాబట్టి అమ్మకాల కోసం వెతికి విసుగెత్తకండి. చూడాల్సింది రెండే. ఒకటి సగటు ఉద్యోగుల సంఖ్య ఏటేటా ఎటు పోతోందని. రెండోది Nicht durch Eigenkapital gedeckter Fehlbetrag అనే పంక్తి. అది కనబడితే నష్టాలు సొంత పెట్టుబడినంతా తినేశాయని అర్థం.

అంతమాత్రాన మునిగిపోతోందనుకోకండి. మాతృసంస్థో, ఇన్వెస్టర్లో వెనక నిలబడి ఉండవచ్చు. పైగా ఈ లెక్కలు తరచుగా ఏడాది దాకా, అంతకు పైగా కూడా పాతవై ఉంటాయి. ఈ ప్రశ్న హెచ్ఆర్‌ను కాకుండా చివరి రౌండ్‌లో మేనేజింగ్ డైరెక్టర్‌ను అడగండి: ‘మీరు దాఖలు చేసిన లెక్కలు చూశాను. ఆ లోటు తర్వాత పరిస్థితి ఎలా మారింది? ఈ ఉద్యోగానికి డబ్బు కస్టమర్ల నుంచి వస్తోందా, పెట్టుబడి నుంచా?’ పెట్టుబడి నుంచే అంటే, అది ఎంతకాలానికి సరిపోతుందో కూడా అప్పుడే అడిగేయండి. ఇక్కడ కొత్త ఉద్యోగంలో మామూలుగా ఆరు నెలలు ప్రొబేషన్, ఆ కాలంలో రెండు వారాల నోటీసుతో ఎవరైనా విడిపోవచ్చు. మీ వీసా ఈ ఉద్యోగానికే ముడిపడి ఉంటే ఆ జవాబు విన్నాకే సంతకం పెట్టండి.