చిన్న కర్మాగారంలో స్థిర షిఫ్టులా, మారే షిఫ్టులా?

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: జీడిమెట్లలోని ఒక ప్లాస్టిక్ మోల్డింగ్ కర్మాగారంలో పదిహేను మంది మూడు జట్లుగా, ఆదివారం సెలవుతో పనిచేస్తున్నారు. వేళలు ఉదయం 6 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10, రాత్రి 10 నుంచి ఉదయం 6. పాతవారిది ఎప్పుడూ ఉదయం షిఫ్టే, కొత్తవారిది ఎప్పుడూ రాత్రి షిఫ్టే. రాత్రి రిజెక్షన్లు ఎక్కువగా ఉన్నాయి, కొత్తవారు నిలవడం లేదు. షిఫ్టులను వంతులవారీగా మార్చడం మేలా? (యజమాని, హైదరాబాదు)

జవాబు: ఎవరి వేళ వారికి శాశ్వతంగా ఉండే ఏర్పాటు స్థిర షిఫ్టు, జట్లు వారానికొకసారి గానీ కొన్ని రోజులకొకసారి గానీ వేళ మార్చుకునే ఏర్పాటు మారే షిఫ్టు, అంటే రొటేషన్. ఈ కర్మాగారంలో రాత్రి వేళ, అనుభవలేమి అనే రెండు కారణాలు ఒకే జట్టులో కలిసిపోయాయి గనుక, రిజెక్షన్లకు వీటిలో ఏది మూలమో తేలకుండా పద్ధతి మార్చితే ఫలితం ఎందువల్ల వచ్చిందో కూడా తెలియదు.

దీనిని తేల్చడానికి రెండు వారాల పాటు రిజెక్షన్లను షిఫ్టు మొత్తంగా కాక గంట గంటకూ రాయించాలి. మోల్డు మారితే పోలిక చెడుతుంది గనుక, ఒకే మోల్డు మూడు షిఫ్టులలోనూ నడిచిన రోజులనే లెక్కలోకి తీసుకోవాలి. ప్లాస్టిక్ పూర్తిగా నిండక అసంపూర్ణంగా వచ్చే షార్ట్ షాట్లు రాత్రి 10 గంటల నుంచే సమానంగా ఎక్కువగా ఉంటే, లోపం సెట్టింగులోనో నేర్పులోనో ఉన్నదని, అంటే రాత్రి జట్టులో గట్టి సెట్టరు లేడని అనుకోవచ్చు. మొదట బాగానే ఉండి తెల్లవారుజాము 3 గంటల తరువాత పెరుగుతూ, వారం చివరికి మరింత పెరిగితే అది అలసట లక్షణం. మొదటి లోపం అనుభవజ్ఞులను మూడు జట్లకూ పంచితే తగ్గుతుంది. రెండవది కేవలం మనుషులను మార్చినంత మాత్రాన పోదు.

ప్రశ్న: ఎప్పుడూ రాత్రే పనిచేసేవారికి శరీరం అలవాటు పడుతుందంటారు. అలాంటప్పుడు వారిని కదిలించడం తప్పు కాదా?

జవాబు: ఆ అలవాటు చాలామందిలో సగంలోనే ఆగిపోతుంది. నిద్రను, మెలకువను, ఒంటి వేడిని నడిపే లోపలి గడియారం ప్రధానంగా వెలుతురును బట్టి నడుస్తుంది. ఒంటి వేడి తెల్లవారుజామున 4, 5 గంటల ప్రాంతంలో అతి తక్కువకు దిగుతుంది, మగత ఎక్కువయ్యేదీ అప్పుడే. ఈ గడియారం సుమారుగా రోజుకు ఒక గంట చొప్పున మాత్రమే జరుగుతుంది గనుక, ఎనిమిది గంటల తేడాకు సర్దుకోవడానికి వారానికి పైగానే కావాలి. ఈలోగా డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళేటప్పటి ఎండ, ఆదివారం ఇంటిల్లిపాదితో కలిసి రాత్రి పడుకోవడం దానిని మళ్ళీ వెనక్కు లాగుతాయి. పగటి నిద్ర కూడా రాత్రి నిద్రకంటే సాధారణంగా గంటో రెండు గంటలో తక్కువగా ఉంటుంది.

వారానికొకసారి మారే పద్ధతిలోనూ శరీరం రాత్రికి పూర్తిగా సర్దుకోదు. అయితే ఒక వారం పేరుకున్న నిద్ర లోటును తరువాతి రెండు వారాల్లో తీర్చుకునే వీలుంటుంది. స్థిర షిఫ్టు అలసటను అయిదుగురి మీదనే మోపితే, రొటేషన్ దానిని పదిహేను మందికీ పంచుతుంది. రెండేసి రోజులకే వేళ మార్చి లోపలి గడియారాన్ని పగటికే కట్టి ఉంచే పద్ధతిని పలువురు నిపుణులు ఇంకా మేలంటారు గానీ, మూడు జట్లే ఉన్నచోట అది నడవదు; ఎందుకంటే ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వరుసలో గురువారం రాత్రి షిఫ్టు ముగించి శుక్రవారం ఉదయం 6 గంటలకు దిగిన జట్టే ఆ క్షణంలో ఉదయం షిఫ్టు ఎక్కవలసి వస్తుంది. దానికి నాలుగో జట్టు తప్పనిసరి.

ప్రశ్న: వారానికొకసారి మార్చితే ఏ వరుస మంచిది?

జవాబు: ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే ముందుకు సాగే వరుస శరీరానికి కొంత తేలిక, ఎందుకంటే చాలామందికి మామూలుకన్నా త్వరగా నిద్రపోవడం కంటే నిద్రను ఆలస్యం చేసుకోవడం సులభం. అయితే ఆదివారం సెలవున్న చోట ఈ వరుసలో ఒక చిక్కు ఉంది. శనివారం మధ్యాహ్నం 2 గంటలకు దిగిన ఉదయం జట్టు సోమవారం 2 గంటలకు ఎక్కుతుంది, రాత్రి 10 గంటలకు దిగిన మధ్యాహ్నం జట్టు సోమవారం రాత్రి 10 గంటలకు ఎక్కుతుంది. ఈ రెండింటికీ 48 గంటల విరామం దొరుకుతుంది. రాత్రి జట్టు మాత్రం ఆదివారం ఉదయం 6 గంటలకు దిగి, సోమవారం ఉదయం 6 గంటలకే ఎక్కాలి. అందరికంటే ఎక్కువ అలసిన జట్టుకు 24 గంటలే మిగులుతాయి, అందులోనూ కొంత పగటి నిద్రకే పోతుంది.

రాత్రి వారాన్ని సోమవారం కాక ఆదివారం రాత్రి 10 గంటలకు ప్రారంభించి, శనివారం ఉదయం 6 గంటలకు ముగిస్తే ఈ చిక్కు విడిపోతుంది. వారానికి పద్దెనిమిది షిఫ్టులు అలాగే ఉంటాయి. యంత్రాలు శనివారం రాత్రి 10 నుంచి ఆదివారం రాత్రి 10 వరకు ఆగుతాయి. రాత్రి జట్టుకు విరామం 48 గంటలు అవుతుంది. దానికి బదులుగా మధ్యాహ్నం నుంచి రాత్రికి మారే జట్టుకు విరామం 24 గంటలకు తగ్గినా, శనివారం రాత్రి మామూలుగా పడుకొని, ఆదివారం మధ్యాహ్నం ఒక కునుకు తీసి డ్యూటీకి రావచ్చు గనుక అది అంత భారం కాదు. ఆదివారం రాత్రే పని మొదలవుతున్నందువల్ల వారపు సెలవు లెక్క మారుతుంది. అందుచేత పని వేళల నోటీసును మార్చే ముందు ఫ్యాక్టరీల తనిఖీ అధికారితో సరిచూసుకోవడం అవసరం.

ప్రశ్న: పాతవారు ఒప్పుకోవడం లేదు. పైగా ప్రతి వారం డ్యూటీ చార్టు వేసే పని కూడా పెరుగుతుంది కదా?

జవాబు: పాతవారికి ఉదయం షిఫ్టు సీనియారిటీకి దక్కిన హక్కుగా కనిపిస్తుంది, కొత్తవారికి అదే అన్యాయంగా కనిపిస్తుంది, ఒకరి మనోబలం పెంచితే మరొకరిది తగ్గే పరిస్థితి ఇది. నైట్ అలవెన్సు కోసమో, పగలు ఇంటి పనులు చూసుకోవడానికో స్వయంగా రాత్రి కోరుకునేవారు ఉంటే వారిని అక్కడే ఉంచి, వద్దనుకున్ననాడు రొటేషన్‌లోకి వచ్చే వీలు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. అలాంటివారు ఎందరుంటే మిగిలినవారికి రాత్రి వంతు అంతగా తగ్గుతుంది.

చార్టు శ్రమ అనుకున్నంత పెద్దది కాదు. మనుషులను విడివిడిగా కాక, ఒక్కొక్క సెట్టరుతో కూడిన జట్టును జట్టుగా తిప్పితే, మూడు వారాలకు ఒకసారి తిరిగివచ్చే చక్రం ఒకే కాగితం మీద సరిపోతుంది. సెలవు కావలసినవారు తమ పనే తెలిసిన మరొక జట్టు మనిషితో వంతు మార్చుకోవచ్చు. స్థిర షిఫ్టులో చార్టు అక్కరలేదు గానీ, రాత్రి మనిషి రాకపోతే మధ్యాహ్నం మనిషినే డబుల్ డ్యూటీకి నిలపవలసి వస్తుంది. ఆ పదహారు గంటల అలసట, రెట్టింపు రేటుతో చెల్లించే ఓటీ ఏ చార్టులోనూ కనపడని ఖర్చు.

ఆరు వారాలలో చక్రం రెండుసార్లు తిరుగుతుంది గనుక, ఆ గడువు ముందే ప్రకటించి ప్రయోగించి, గంటల వారీ రిజెక్షన్లను, గైర్హాజరును, డబుల్ డ్యూటీలను పాత లెక్కతో పోల్చాలి. రాత్రి 10 నుంచే ఉన్న లోపాలు తగ్గి, 3 గంటల తరువాతివి తగ్గకపోతే, నేర్పు లోటు తీరి అలసట మిగిలిందని అర్థం. అప్పుడు రొటేషన్‌ను కొనసాగిస్తూనే మోల్డు మార్పులు, కొత్త సెట్టింగులు అర్ధరాత్రికి ముందే పూర్తయ్యేలా పనిని సర్దడం తరువాతి మెట్టు.